ఆంధ్రా నంబర్ పాత కారుకు ఒడిశాలో లోన్: కాగితాలు ఏ వరుసలో చూసుకోవాలి?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్లు పాత కారు కొనాలంటే ముందు పార్వతీపురం, శ్రీకాకుళం వైపే చూస్తారు. చుట్టాలు అక్కడే ఉంటారు, బేరం తెలుగులోనే సాగుతుంది. చిక్కంతా లోన్ దగ్గర వస్తుంది. ఆధార్ ఒడిశాది, కారు ఆంధ్రాది. ఆంధ్రాలోని బ్రాంచి మన అడ్రస్ చూసి వెనకాడుతుంది. ఒడిశాలోని బ్రాంచి కారు నంబర్ చూసి వెనకాడుతుంది. ఈలోగా అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు కాబట్టి, ఏ ఫైనాన్స్‌వాడు ఏ రేటు చెప్పినా తలూపుతారు.

అందుకే వరుస ముఖ్యం. ముందు కాగితాలు, తర్వాత వాల్యుయేషన్, ఆ తర్వాతే బేరం. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

1. కావలసినవి

మీ ఆధార్, పాన్, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, జీతం స్లిప్పులు లేదా ఐటీ రిటర్నులు. అమ్మేవాళ్ల నుంచి ఆర్‌సీ రెండు వైపులా ఫొటో, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్ నకలు. ఇవి ఎవరైనా చెబుతారు, ఇక్కడ ఆగక్కర్లేదు.

2. ఇంట్లో కూర్చుని చేసే చెక్

mParivahan యాప్‌లో కారు నంబర్ కొట్టండి. ఆర్‌సీ యాక్టివ్‌గా ఉందా, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉంది, ఇవన్నీ కనిపిస్తాయి. ఓనర్ పేరులో కొన్ని అక్షరాలు చుక్కలుగా వస్తాయి గానీ ఆర్‌సీలోని పేరుతో పోల్చుకోవడానికి అవి చాలు. echallan.parivahan.gov.in లో చలాన్లు చూడండి. బాకీలుంటే అమ్మేవాళ్లే కట్టాలని అప్పుడే చెప్పేయండి.

ఆర్‌సీలో ఉన్న మనిషే మీతో మాట్లాడుతున్నారా? ఇది తప్పకుండా చూడాలి. "ఓనర్ హైదరాబాద్‌లో ఉన్నారు, ట్రాన్స్‌ఫర్ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశారు" అంటే నేనైతే ఆ కారు వైపు మళ్లీ చూడను. ఖాళీ ఫారం 29, 30 మీద సంతకం ఉన్నంత మాత్రాన అమ్మకం జరిగినట్టు కాదు. మధ్యవాడు ఆ కారును ముందే ఇంకొకరికి అమ్మి ఉండొచ్చు. రేపు సంతకం తేడా వస్తే అసలు ఓనర్‌ని ఎక్కడ వెతుకుతారు? అసలు ఓనర్‌కీ ఇది ముప్పే. 2018లో సుప్రీంకోర్టు తేల్చిన ప్రకారం, చేతులు ఎన్ని మారినా రికార్డులో పేరున్న వ్యక్తే చట్టం కళ్లకు ఓనర్. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆయన మీద పడుతుంది. ఈ సంగతి చెబితే అమ్మేవాళ్లే స్వయంగా వస్తారు. ఓనర్ చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదకు ఫారం 31తో మారాలి. అది అయ్యాకే మీ బేరం.

3. వాల్యుయేషన్, వడ్డీ

ఒక ఉదాహరణ తీసుకుందాం. పార్వతీపురంలో 2018 నాటి AP35 పెట్రోల్ కారు, అడుగుతున్న ధర 4,60,000. రాయగడలో ఉండే మీరు లోన్ అడిగారు. బ్యాంకు పంపిన వాల్యుయర్ కారు చూసి 4,00,000 అని రాశాడు. బ్యాంకు దానిలో 75 శాతం ఇస్తానంది. చేతికి వచ్చేది 3,00,000, మీ జేబులోంచి 1,60,000. మీరు ఒప్పుకున్న ధరతో బ్యాంకుకు పని లేదు. కిస్తీలు ఆగితే ఆ కారు వేలంలో ఎంత పలుకుతుందన్నదే దానికి కావాలి. పక్క రాష్ట్రం నంబర్ అయితే కొన్ని చోట్ల ఇంకొంచెం తగ్గిస్తారు, ఎందుకంటే ఇక్కడ మళ్లీ రోడ్ ట్యాక్స్ కట్టాలి. లోన్ ముగిసేనాటికి కారు వయసు ఇన్నేళ్లు దాటకూడదనే షరతు కూడా చాలా చోట్ల ఉంటుంది. 2018 కారుకు ఐదేళ్ల లోన్ అడగడం వృథా. పాత కారుకు మూడేళ్లకు మించి లోన్ తీసుకోకూడదు, అంతే.

వాల్యుయర్ వచ్చినప్పుడు మీరు పక్కనే ఉండండి. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో ప్రింట్ తీస్తాడు. ఆ అంకెలను ఆర్‌సీతో మీరూ ఒక్కొక్కటిగా పోల్చుకోండి. ఇంజిన్ నంబర్ కూడా చూడండి. అంకెల వరుస వంకరగా ఉన్నా, ఆ చోట మాత్రమే కొత్త పెయింట్ ఉన్నా, గీకిన గుర్తులు కనిపించినా వెంటనే ఆగిపోండి.

వడ్డీ ఎక్కువేనని అందరికీ తెలుసు. కొత్త కారుకు 9 శాతం దగ్గర ఇచ్చే బ్యాంకే పాతదానికి సుమారు 11 నుంచి 15 అడుగుతుంది. ప్రైవేటు ఫైనాన్స్‌లో ఇంకా పైకి పోతుంది. అసలు మోసపోయేది "మా దగ్గరా తొమ్మిదే సార్" అన్న మాట దగ్గర. అది ఫ్లాట్ రేటు. 3,00,000 మీద ఏడాదికి 27,000 చొప్పున మూడేళ్లకు 81,000 వడ్డీ, కిస్తీ 10,583. మీరు ప్రతి నెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే పడుతుంది. అదే 9 శాతం తగ్గే బాకీ మీద లెక్కిస్తే కిస్తీ 9,540 దగ్గర, మొత్తం వడ్డీ 43,500 లోపే. ఆ ఫ్లాట్ తొమ్మిదిని తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే 16 శాతం పైనే తేలుతుంది. కాబట్టి రేటు అడగొద్దు, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి రిటైల్ లోన్లకు అది ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. అందులో ప్రాసెసింగ్ ఫీజు, ఇతర ఖర్చులు కలిపిన వార్షిక రేటు ఉంటుంది. రెండు సంస్థలను ఆ అంకెతోనే పోల్చండి. కాగితం ఇవ్వనివాడి దగ్గర లోన్ వద్దు.

4. పాత లోన్ తీర్చడం, రెండు ఎన్‌ఓసీలు

ఫైళ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. నిదానంగా చదవండి.

మన ఉదాహరణలోని కారు మీద అమ్మేవాళ్ల పాత లోన్ ఇంకా 1,40,000 ఉందనుకుందాం. ఆర్‌సీలో వాళ్ల ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటుంది. ఆ పేరు ఉన్నంతవరకు ఆ సంస్థ రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా ఆర్‌టీఓ ఓనర్ పేరు మార్చదు. మీ బ్యాంకు తన పేరు ఎక్కించడం కుదరదు. "మీరు డబ్బు ఇస్తే నేను కట్టేస్తాను" అని అమ్మేవాళ్లు అంటారు. మంచివాళ్లే కావచ్చు, డబ్బు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వొద్దు. ముందు వాళ్ల చేత పాత సంస్థ నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తెప్పించండి. అందులో లోన్ నంబర్, కట్టాల్సిన మొత్తం, ఆ మొత్తం ఏ తేదీ వరకు చెల్లుతుందో ఉంటాయి. తేదీ దాటితే వడ్డీ పెరిగి అంకె మారుతుంది. మీ బ్యాంకు ఆ బాకీని నేరుగా తీర్చడానికి ఒప్పుకుంటే ఇంకేం కావాలి. ఒప్పుకోకపోతే మీ 1,60,000లోంచి 1,40,000 ఆ లోన్ ఖాతాకే నేరుగా పంపండి. పంపే ముందు అమ్మకం ఒప్పందం స్టాంపు పేపర్ మీద రాసుకోండి. ఎంత కట్టారు, మిగతాది ఎప్పుడిస్తారు, అమ్మకం జరగకపోతే ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి, ఈ మూడూ అందులో ఉండాలి. అమ్మేవాళ్లతో కలిసి ఆ బ్రాంచికి వెళ్లడం ఇంకా మంచిది.

లోన్ తీరాక పాత సంస్థ ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35 ఇస్తుంది. ఇది మొదటి ఎన్‌ఓసీ. చాలామంది దీన్ని పట్టుకుని "ఎన్‌ఓసీ వచ్చేసింది" అని రాయగడ ఆర్‌టీఓ ఆఫీసుకు పోతారు, తిప్పి పంపుతారు. ఆ కాగితం చెప్పేది బాకీ లేదని మాత్రమే. దాంతో అమ్మేవాళ్లు ఆంధ్రాలోని వాళ్ల ఆర్‌టీఓలో ఆర్‌సీ నుంచి ఫైనాన్స్ పేరు తీయించాలి. ఇలాంటి ఎన్‌ఓసీలకు సాధారణంగా మూడు నెలల గడువు రాసి ఉంటుంది. బీరువాలో దాచుకుంటే మళ్లీ తెప్పించుకోవాలి.

పేరు తీసేశారని యాప్‌లో కనిపించాకే రెండోదానికి వెళ్లాలి. అది ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 28. బండి వేరే రాష్ట్రానికి పోవడానికి మాకు అభ్యంతరం లేదు, పన్ను బాకీ లేదు, దొంగబండి కేసు లేదు అని చెప్పే కాగితం ఇది. దరఖాస్తు పెట్టాల్సింది అమ్మేవాళ్లు, అంటే ఆర్‌సీలో పేరున్నవాళ్లు. ఇందులో ఏ ఆర్‌టీఓకు పోతుందో రాస్తారు. అక్కడ రాయగడ అని ఉందో లేదో ఫారం చేతికి రాగానే చూడండి. ఏజెంట్ అలవాటుగా భువనేశ్వర్ అని నింపితే రాయగడలో ఆ ఫైలు కదలదు. మళ్లీ పార్వతీపురం పోయి, పాతది రద్దు చేయించి కొత్తది తేవాలి. పర్లాకిమిడివాళ్లయితే గజపతి ఆర్‌టీఓ, జయపురంవాళ్లయితే కోరాపుట్ అని ఉండాలి.

ఇంత ఎందుకు, చుట్టాల అడ్రస్ మీద ఆంధ్రాలోనే పేరు మార్చేసి, అక్కడే లోన్ తీసుకుని, కారు ఇక్కడ తిప్పుకోవచ్చుగా అని అడుగుతారు. లోన్ దరఖాస్తులో మీరు ఉండని అడ్రస్ రాయడం అబద్ధం. పైగా వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబర్ తీసుకోవాల్సిందే, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ అదే చెబుతుంది. అప్పుడు మీ సొంత ఫైనాన్స్ సంస్థ ఒప్పుకోలు కోసం మీరే తిరుగుతారు.

5. ఒడిశా నంబర్

రెండో ఎన్‌ఓసీ వచ్చాక ఫారం 27 కొత్త నంబర్‌కు, 29, 30 పేరు మార్పుకు, 34 మీ బ్యాంకు పేరు ఎక్కించడానికి. నాలుగూ ఒకే ఫైలులో ఇవ్వండి. ఒడిశా రోడ్ ట్యాక్స్ ఎంత పడుతుందో మాత్రం బేరానికి ముందే కనుక్కుని, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించి మాట్లాడండి. ఆంధ్రాలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి రీఫండ్ అడిగే వీలుంటుంది కాబట్టి అది ఎవరికి దక్కాలో కూడా ఒప్పందంలో రాయండి. లోన్ డబ్బులో కొంత భాగాన్ని కొత్త ఆర్‌సీ వచ్చేదాకా బ్యాంకులు ఆపి ఉంచుతాయి. అమ్మేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పకపోతే చివర్లో గొడవవుతుంది.

OD-18 నంబర్‌తో కొత్త ఆర్‌సీ వచ్చినప్పుడు చాసిస్ నంబర్‌లో ఒక్క అంకె తప్పు పడినా ఆ వారంలోనే సరిచేయించండి. ఇన్సూరెన్స్ మాత్రం ఆర్‌సీ వచ్చేదాకా ఆగకూడదు. చేతులు మారిన 14 రోజుల్లో పాలసీ బదిలీకి కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. అందులో నో క్లెయిమ్ బోనస్ అమ్మేవాళ్లది, మీకు రాదు. ఆ తేడా ప్రీమియం మీరే కట్టాలి. కొత్త ఆర్‌సీ రాగానే మారిన నంబర్, మీ బ్యాంకు పేరు పాలసీలో ఎక్కించుకుని, ఆ నకలు బ్రాంచిలో ఇచ్చి, ఆపి ఉంచిన డబ్బు అమ్మేవాళ్లకు విడుదల చేయించండి.