ట్రైఫిల్ గిన్నెలో నీరు చేరకుండా: పొరలు వేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

విందుకు ముందు రోజే స్పాంజ్ కేక్, జెల్లీ, పండ్లు, కస్టర్డ్, క్రీమ్ పొరలుగా వేసే ట్రైఫిల్ పేర్చి ఫ్రిజ్‌లో పెట్టుకున్నవారికి మర్నాడు ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. పేర్చినప్పుడు గాజు గిన్నెలో గీత గీసినట్టున్న పొరలు వడ్డించే వేళకు ఒకదానిలోకి ఒకటి దిగిపోయి, అడుగున పలచటి నీరు నిలిచి, స్పాంజ్ కేక్ ముద్దయి కనిపిస్తుంది. ఆ నీరు బయటి నుంచి వచ్చింది కాదు. పండ్లలోనో, జెల్లీలోనో, కస్టర్డ్‌లోనో పట్టి ఉంచిన నీరే పట్టు తప్పి కిందికి జారింది. అందువల్ల ఏ పొర తన నీటిని ఎలా పట్టి ఉంచుతుందో, ఎప్పుడు వదిలేస్తుందో ముందుగా తెలుసుకుంటే జాగ్రత్త పడటం తేలిక. ఇక్కడ పన్నెండు మందికి సరిపోయే 3 లీటర్ల గాజు గిన్నెను, సాయంత్రం 7 గంటలకు మొదలయ్యే విందును లెక్కలోకి తీసుకుని చెబుతున్నాను.

ముందుగా జెల్లీ. 500 మిల్లీలీటర్ల నీటికి సరిపోతుందని పొట్లం మీద రాసి ఉంటే, ట్రైఫిల్ కోసం 425 మిల్లీలీటర్లే తీసుకోవాలి. విడిగా గిన్నెల్లో పోసుకుని తినే జెల్లీ మెత్తగా ఉన్నా ఫరవాలేదు గానీ, ఇక్కడ దాని మీద కస్టర్డ్ బరువు, క్రీమ్ బరువు పడతాయి. అందులో 200 మిల్లీలీటర్ల నీటిని మరగబెట్టి పొడి మీద పోసి, గరిటె అడుగున ఒక్క పలుకు కూడా తగలనంత వరకు, కనీసం రెండు నిమిషాలు ఆగకుండా కలపాలి. మిగతా నీటిని చల్లగా పోయాలి. కరగని పలుకులు అడుగున మిగిలితే పైనున్న ద్రవంలో జెల్లీని గట్టిపరిచే జిలేటిన్ తగ్గిపోయి, అది సరిగా పేరుకోదు.

జెల్లీ పొర దగ్గరకు రానివ్వకూడని పండ్లు కొన్ని ఉన్నాయి. ఉడికించని అనాస, కివీ, బొప్పాయి, తాజా అంజీర పండ్లలో మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైములు ఉంటాయి. జిలేటిన్ కూడా మాంసకృత్తే కనుక ఈ పండ్లు తగిలినచోట జెల్లీ పేరుకోదు, పేరుకున్నది సైతం క్రమంగా కరిగిపోతుంది. పైన కస్టర్డ్ మీద పెట్టాం కదా అనుకోవడానికి వీల్లేదు, వాటి రసం కిందికి దిగుతుంది. పైగా పాలు, క్రీమ్‌లతో కలిసి కొంతసేపు ఉంటే చేదు వస్తుంది. డబ్బాలో నిల్వచేసిన అనాసను ముందే బాగా వేడిచేసి ఉంటారు కాబట్టి అందులో ఎంజైము పనిచేయదు. తాజా అనాసే కావాలనుకుంటే ముక్కలను వాటి రసంలోనే ఐదు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, వడగట్టి వాడుకోవచ్చు.

జిలేటిన్ తినని అతిథులు ఉంటే చైనా గ్రాస్ వాడతారు. అది మాంసకృత్తు కాదు కనుక ఈ పండ్ల బెడద దానికి లేదు, గోరువెచ్చని కస్టర్డ్ పడినా కరగదు. అయితే దానికి మరో గుణం ఉంది: పేరుకున్న తరువాత ఊరికే ఉంచినా కొద్దికొద్దిగా నీరు వదులుతూనే ఉంటుంది, ముక్కలుగా కోస్తే ఇంకా ఎక్కువ వదులుతుంది. కాబట్టి చైనా గ్రాస్‌తో చేసే ట్రైఫిల్‌ను ముందు రాత్రి కాకుండా అదే రోజు ఉదయం పేర్చుకోవడం మంచిది.

స్పాంజ్ కేక్ విషయంలో నా సలహా ఒక్కటే: చక్కెర పాకంతో గానీ పండ్ల రసంతో గానీ విడిగా తడపవద్దు. అలా పట్టించిన తడి ద్రవంగానే ఉండిపోతుంది, పైన బరువు పడగానే కిందికి కారుతుంది. దానికి బదులు కరిగి ఉన్న జెల్లీతోనే తడిపితే, స్పాంజ్ పీల్చుకున్న తడి కూడా లోపలే పేరుకుని కదలకుండా ఉంటుంది. ముందు రోజు చేసిన 250 గ్రాముల స్పాంజ్‌ను అంగుళం ముక్కలుగా కోసి, గంటసేపు గాలికి ఆరనిచ్చి, గిన్నె అడుగున సందులు లేకుండా పేర్చాలి. చల్లారిన జెల్లీ ద్రవంలో 150 మిల్లీలీటర్లు చెంచాతో అంతటా పడేలా పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మిగిలిన ద్రవం గుడ్డు తెల్లసొనంత చిక్కబడేదాకా ఆగి, అప్పుడు పండ్లు కలిపి పోయాలి. పలచగా ఉండగానే మొత్తం పోస్తే స్పాంజ్ ముక్కలు పైకి తేలిపోతాయి. ఈ పని విందుకు ముందు రోజు రాత్రి 9 గంటలకల్లా ముగిస్తే, తెల్లవారేసరికి జెల్లీ పూర్తి గట్టితనానికి వస్తుంది. తొందరపడి ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. గడ్డకట్టి కరిగిన జెల్లీ నీటిని మళ్లీ పట్టి ఉంచలేదు, కస్టర్డ్ కూడా అంతే.

ఇక అసలైన కష్టం కస్టర్డ్‌ది. 600 మిల్లీలీటర్ల పాలకు సమంగా కొలిచిన 4 టేబుల్ స్పూన్ల కస్టర్డ్ పొడి, 3 టేబుల్ స్పూన్ల చక్కెర తీసుకోవాలి. పోసుకుని తినే కస్టర్డ్ కంటే ఇది చిక్కగా ఉంటుంది, ఉండాలి కూడా. పొడిని కొద్దిగా చల్లని పాలలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న పాలలో పోసి తిప్పుతుంటే కాసేపటికే చిక్కబడుతుంది. చాలామంది అక్కడే పొయ్యి ఆపేస్తారు. అది తొందరపాటు. చిక్కబడిన తరువాత కూడా బుడగలు వచ్చేలా కనీసం ఒక నిమిషం, సన్నని మంట మీద అడుగంటకుండా తిప్పుతూ ఉడికించాలి. పొడిలోని పిండి పూర్తిగా ఉడికితేనే నీటిని గట్టిగా పట్టుకుంటుంది. గుడ్డు సొన, మొక్కజొన్న పిండి కలిపి చేసేవారికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. పచ్చసొనలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైము ఉంటుంది. ఉడుకు పట్టకుండా దించేస్తే అది బతికే ఉండి, రాత్రి చిక్కగా కనిపించిన కస్టర్డ్‌ను ఉదయానికి పలచన చేస్తుంది.

అలాంటి ఎంజైమే మన లాలాజలంలోనూ ఉంది. తీపి సరిపోయిందో లేదో చూడటానికి నోట్లో పెట్టుకున్న చెంచాను తిరిగి కస్టర్డ్‌లో ముంచితే, ఆ చోటు నుంచి పలచబడటం మొదలవుతుంది. రుచి చూసేందుకు విడి చెంచా పెట్టుకోండి. పిల్లలు గిన్నె దగ్గరకు చేరే ఇళ్లలో దీన్ని మరీ గుర్తుంచుకోవాలి.

ఉడికిందో లేదో తేల్చుకోవడానికి ఫ్రిజ్‌లో చల్లబరిచిన పళ్లెం మీద ఒక చెంచా కస్టర్డ్ వేసి ఐదు నిమిషాలు ఆగాలి. వేలితో మధ్యలో గీత గీస్తే ఆ గీత మూసుకోకుండా నిలవాలి, ముద్ద అంచు చుట్టూ తడి వలయం కనిపించకూడదు. వలయం కనిపిస్తే మళ్లీ పొయ్యి మీద పెట్టి మరో రెండు నిమిషాలు ఉడికించడమే మార్గం.

చల్లార్చేటప్పుడు వెడల్పాటి పళ్లెంలో పోసి, ప్లాస్టిక్ పొరను కస్టర్డ్ ఉపరితలానికి అంటుకునేలా పరచాలి. మూత పైపైన పెడితే లోపలి ఆవిరి మూతకు పట్టి, బొట్లుగా తిరిగి కస్టర్డ్ మీదే పడుతుంది. ఆ నీరే తరువాత పొరల మధ్య తేలుతుంది. ఇలా పరిచిన పళ్లేన్ని చల్లని నీళ్లున్న తాంబాళంలో ఉంచితే త్వరగా చల్లారుతుంది.

జెల్లీ మీద కస్టర్డ్ పోసే క్షణం మొత్తం పనిలో అతి సున్నితమైనది. జిలేటిన్ జెల్లీ సుమారు 30 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది, అంతకంటే ముందే మెత్తబడుతుంది. మన చేతికి గోరువెచ్చగా అనిపించేది జెల్లీకి వేడే. ఒకసారి నేను చల్లారిందనుకుని గోరువెచ్చటి కస్టర్డ్ పోశాను. పోసిన నిమిషంలోనే గాజు వెంట గులాబీ రంగు చారలు పసుపులోకి పాకడం కళ్లెదుటే కనిపించింది. రాత్రికి ఫ్రిజ్‌లో మళ్లీ పేరుకున్నట్టే ఉన్నా, రెండూ కలిసిన మేర మెత్తటి బురదలా తయారై, గరిటె దించగానే నీరు వదిలింది. అప్పటి నుంచి వేలి వెనుక భాగాన్ని కస్టర్డ్‌కు తాకించి, స్పష్టంగా చల్లగా తగిలితేనే పోస్తున్నాను. థర్మామీటర్ ఉన్నవారు 25 డిగ్రీల కంటే తక్కువకు చేరేదాకా ఆగాలి. అలాగని పూర్తిగా గట్టిపడనివ్వకూడదు. పేరుకున్న కస్టర్డ్‌ను గిలకొడితే పట్టు విరిగి పలచబడుతుంది. ఒకవేళ ఆలస్యమై గట్టిపడితే, గిలకొట్టకుండా చెంచాతో ముద్దలుగా తీసి జెల్లీ మీద పరచి, చెంచా వెనుకతో మెల్లగా సర్దాలి. ధారగా పోసేటప్పుడు కింద గరిటె అడ్డుపెట్టి దాని మీదుగా పోస్తే జెల్లీలో గుంట పడదు. విందు రోజు ఉదయం 10 గంటలకు ఈ పొర వేస్తే సాయంత్రానికి కావలసినంత సమయం ఉంటుంది.

పండ్లను కోసి చక్కెర చల్లి ఉంచితే చక్కెర వాటిలోని నీటిని బయటికి లాగుతుంది, కాబట్టి ట్రైఫిల్‌లో వేసే పండ్లకు చక్కెర కలపకూడదు. జెల్లీలోకి చిన్న ద్రాక్షలు కోయకుండా, దానిమ్మ గింజలు, డబ్బా పీచ్ ముక్కలు అనుకూలం. డబ్బా పండ్లను అరగంట జల్లెడలో వంచి, ఆపైన పొడిగుడ్డ మీద పరచి అద్దాలి. మొత్తం 300 గ్రాములు మించనివ్వవద్దు. కోసిన స్ట్రాబెర్రీలు, నారింజ తొనలు, మామిడి ముక్కలు వడ్డించే ముందు పైన అమర్చడానికే. గడ్డకట్టించిన పండ్లు కరిగేటప్పుడు రసమంతా వదిలేస్తాయి కనుక వాటిని అసలు వాడకపోవడమే మేలు.

క్రీమ్‌కు ఎక్కువ చెప్పనక్కరలేదు. కొవ్వు 35 శాతానికి తగ్గని 300 మిల్లీలీటర్ల చల్లని క్రీమ్‌లో ఒక టేబుల్ స్పూన్ చక్కెర పొడి, ఒక టేబుల్ స్పూన్ పాలపొడి వేసి, ఎత్తితే కొన నిలబడేంత వరకు గిలకొట్టి ఆపాలి. ఇంకా గిలకొడితే వెన్న విడిపోయి మజ్జిగ దిగుతుంది. సాయంత్రం 5 గంటల తరువాతే దీన్ని పరచాలి.

ఇన్ని చేసినా నీరు కనిపిస్తే దాని రంగు చూడండి. జెల్లీ రంగులో ఉంటే కస్టర్డ్ వేడిగా పడిందని, లేదా జెల్లీలో నీరు ఎక్కువైందని. పసుపు కలిసిన తెలుపులో ఉంటే కస్టర్డ్ ఉడకలేదని. రంగు లేకుండా పండు రుచి వస్తుంటే పండ్లు సరిగా ఆరలేదని. క్రీమ్ వేయకముందే గమనిస్తే గిన్నెను కొద్దిగా వంచి, అంచున పేపర్ టవల్ మడత దించి నీటిని పీల్పించవచ్చు.

బయట ఉంచే సమయం రెండు గంటలు దాటకూడదు, గది వేడి 32 డిగ్రీలు మించితే ఒక గంటే. గరిటె పడిన చోట కోతపడిన పొరల నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. అందుకే మిగిలినదాన్ని పెద్ద గిన్నెలోనే వదిలేయకుండా చిన్న డబ్బాల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే తినేయాలి.