ఇటలీలో మెనూ ఫొటో తీస్తే అడుగున చిన్న అక్షరాలు కూడా పడాలి

ఇటలీలో ఏం తినాలో తేల్చుకోవడానికి మెనూ ఫొటో తీసేటప్పుడు చివరి పేజీ అడుగు వదిలేయకండి. ‘కోపెర్తో’ అనే తలకింత ఛార్జీ చాలాసార్లు అక్కడే ఉంటుంది. చేతిలో 12 యూరోలున్నాయి, కోపెర్తో 2, నీళ్ల సీసా 2 అనుకుంటే, తిండికి మిగిలేది 8. అందులో శాకాహారులకు నేను చెప్పేది మారినారా పిజ్జా: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. చీజ్ వేయరు కాబట్టి మామూలుగా పిజ్జాల్లో ఇదే చవక. అయితే పేరు కింద పదార్థాల వరుసలో ‘అచ్చూగే’ గానీ ‘అలీచి’ గానీ కనిపిస్తే వద్దు, అవి చిన్న చేపలు. కొన్నిచోట్ల మారినారాలోనూ వేస్తారు. కూరగాయల సూప్‌ను మాత్రం మెనూ ఫొటో చూసి నమ్మలేం. మాంసం ఉడికించిన నీళ్లతో చేసినా మెనూలో రాయకపోవచ్చు. ‘బ్రోదో ది కార్నే?’ అని వెయిటర్‌ని అడగాల్సిందే.