నెట్ ఆగినప్పుడు వినియోగదారులకు ఏం రాయాలి: తుపాను నెలలకు ముందు జాగ్రత్తలు

గత వారం గుంటూరులో మురుగు కాలువ పనికి వచ్చిన పొక్లెయిన్ మా ఫైబర్ కేబుల్‌ను తెంపింది. సాయంత్రం 6:40కి పట్టాభిపురం, బ్రాడీపేట లైన్లు పడిపోయాయి. 7 గంటలకు డ్యూటీలో ఉన్న మా కుర్రవాడు వాట్సాప్ గ్రూపుల్లో ‘సాంకేతిక కారణాల వల్ల సేవలకు అంతరాయం కలిగింది. అరగంటలో పునరుద్ధరిస్తాము. అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని పెట్టాడు. 7:40కి అదే మాట, 8:30కి మళ్లీ అదే మాట. నెట్ వచ్చింది రాత్రి 12:50కి.

మర్నాడు కౌంటరు దగ్గరకు వచ్చినవారిలో కేబుల్ ఎందుకు తెగిందని అడిగినవారు ఒక్కరూ లేరు. అందరూ ఫోన్ తీసి ఆ అరగంట సందేశాన్నే చూపించారు. వారిలో బ్రాడీపేటలో నెట్ సెంటర్ నడిపే ఒకాయన ఉన్నారు. ముందు రోజు ఒక దరఖాస్తుకు ఆఖరి గడువు. మా మాట నమ్మి ఆయన ఆరుగురు పిల్లలను రాత్రి పొద్దుపోయేదాకా తన దగ్గరే కూర్చోబెట్టుకున్నారు. మేము నోరు మూసుకుని ఉన్నా వారు వేరే పేటలోని సెంటరుకు వెళ్లి ఆ పని పూర్తిచేసుకునేవారు.

అక్టోబరు, నవంబరు నెలలు దగ్గర పడుతున్నాయి కనుక విజయవాడ, గుంటూరులలో చిన్న నెట్‌వర్క్‌లు నడిపే తోటివారి కోసం ఇది రాస్తున్నాను. జనరేటరులో డీజిల్, స్టోరులో అదనపు కేబుల్ వంటివి ఎవరూ చెప్పనవసరం లేదు. నేను చూసినంతలో నమ్మకాన్ని పోగొట్టే తప్పు ఒక్కటే: కారణం తెలియకముందే బాగయ్యే సమయం చెప్పడం.

ఆ అరగంట ఎందుకు తప్పింది

కేబుల్ తెగినప్పుడు ఆఫీసు నుంచి ఓటీడీఆర్ పెట్టి చూస్తాము. అది ఫైబర్‌లోకి కాంతిని పంపి, తిరిగి వచ్చే వెలుగును బట్టి తెగిన చోటు ఎంత దూరంలో ఉందో చూపిస్తుంది. అయితే ఆ దూరం కేబుల్ పొడవే గాని రోడ్డు పొడవు కాదు. స్తంభాల మీద చుట్టలుగా వదిలిన కేబుల్ కూడా అందులో కలుస్తుంది కనుక మనుషులు వీధిలో వెతుక్కోవలసిందే. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఓటీడీఆర్ తన వైపు నుంచి మొదటి తెగును మాత్రమే చూపగలదు, దాని అవతల ఏముందో దానికి కనిపించదు. పొక్లెయిన్ బకెట్ కేబుల్‌ను లాగినప్పుడు తవ్విన చోటే కాక, రెండు మూడు స్తంభాల అవతల కూడా లోపలి పోగులు తెగవచ్చు. మాకు జరిగింది అదే. 9 గంటలకు మొదటి జాయింటు పూర్తయింది, నెట్ మాత్రం రాలేదు. ఆ తరువాతే రెండో తెగు బయటపడింది. అరగంట అని రాసిన కుర్రవాడు అబద్ధమాడలేదు, అతనికి తెలియదంతే. తెలియనప్పుడు సమయం చెప్పకూడదు.

దాని బదులు ఏం చెప్పాలి

నెట్ ఎప్పుడు వస్తుందన్నది మన చేతిలో లేదు, మళ్లీ ఎప్పుడు రాస్తామన్నది పూర్తిగా మన చేతిలోనే ఉంది. అందుకే మాట ఇవ్వవలసింది రెండోదానికి. ఆ రోజు 7 గంటలకు ఇలా రాసి ఉండవలసింది:

‘సాయంత్రం 7:00. పట్టాభిపురం, బ్రాడీపేటలలో మా నెట్ 6:40 నుంచి పనిచేయడం లేదు. మీ పరికరం మీద ఎర్ర లైటు వెలుగుతుంటే కారణం ఇదే, మీ ఇంట్లో లోపం లేదు. తెగిన చోటును వెతుకుతున్నాము. ఎప్పటికి బాగవుతుందో ఇంకా తెలియదు. ఈ రాత్రి గడువు ఉన్న పని ఏదైనా ఉంటే మొబైల్ డేటాతో గాని, వేరే చోట గాని చేసుకోండి. మళ్లీ 7:45కి రాస్తాము.’

7:45కి కొత్త సంగతి ఏమీ లేకపోయినా రాయాలి: ‘ఇంకా వెతుకుతున్నాము, మళ్లీ 8:30కి రాస్తాము.’ 9 గంటల సందేశంలో ‘ఒక చోట అతికాము, మరో చోట కూడా తెగినట్టు ఇప్పుడే తెలిసింది, అనుకున్నదానికన్నా ఆలస్యమవుతుంది’ అని ఒప్పుకోవాలి. ఇది రాయడానికి చేయి రాదని నాకు తెలుసు. కానీ ఆ వాక్యం చదివాక మా నెట్ సెంటరు ఆయన పిల్లలను పంపించివేసి ఉండేవారు.

సంజాయిషీలా వినిపించే మాటలు

పొక్లెయిన్ మనది కాదన్నది నిజమే. అయినా ‘కాంట్రాక్టరు నిర్లక్ష్యం వల్ల’, ‘మా పరిధిలో లేని కారణాల వల్ల’ అని మొదలుపెడితే చదివేవారికి మనం బాధ్యత దులుపుకుంటున్నట్టే వినిపిస్తుంది. కారణాన్ని ఒక్క వాక్యంలో, ఎవరినీ నిందించకుండా, సందేశం మధ్యలో చెప్పాలి: ‘రోడ్డు తవ్వకంలో మా కేబుల్ తెగింది.’ నష్టపరిహారం తగవు కాంట్రాక్టరుతో ఆఫీసులో తేల్చుకోవాలి. రెండు పేటలు మొత్తం పడిపోయినప్పుడు ‘కొందరు వినియోగదారులకు’ అని తగ్గించి రాయడం కూడా ఆ కోవలోదే. పక్కింటివారికీ రావడం లేదని వారికి తెలుసు. క్షమాపణ ఒక్కసారి చాలు.

సందేశం చేరే దారి

2017 ఫిబ్రవరి 28న ఇతర సంస్థల ఫైళ్లను భద్రపరిచే అమెజాన్ ఎస్3 సేవ ఆగినప్పుడు, వారి స్టేటస్ పేజీని మార్చే వ్యవస్థ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండడంతో కొంతసేపు ఆ పేజీని సరిచేయలేకపోయారు. మన స్థాయిలోనూ ఇదే జరుగుతుంది. మన స్టేటస్ పేజీని మన ఆఫీసులోని సర్వరులోనే పెట్టుకుంటే, మన లైను పోయిన రోజున ఆ పేజీ కూడా పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు కరెంటు లేక, ఫోన్లో మిగిలిన చార్జింగ్‌ను చూసుకుంటూ గడిపినవారికి పేజీ తెరిచే ఓపిక ఎక్కడిది? ఎస్సెమ్మెస్ తప్పనిసరి. పోస్టరు బొమ్మలు వద్దు, అక్షరాలే పంపాలి.

ఇక మిగిలినవి వరుసగా రాస్తున్నాను.

- ప్రతి సందేశం మొదట గంట, తేదీ ఉండాలి. మన సందేశాలు ఒక గ్రూపు నుంచి మరో గ్రూపుకు వెళ్తుంటాయి. సమయం లేని సందేశం మరుసటి రోజు కూడా కొత్తదానిలా తిరుగుతుంది.
- రౌటరు వెనుక రీసెట్ గుంటలో పిన్ను పెట్టవద్దని మొదటి సందేశంలోనే చెప్పండి. నొక్కితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోయి, లైను బాగయ్యాక కూడా ఆ ఇంట్లో నెట్ రాదు.
- రాసేవారు ఒక్కరే ఉండాలి. కేబుల్ అతికేవారిని రాయమనకండి.
- పని చోట ఉన్నవారు ‘అయిపోవచ్చింది’ అంటే దాన్ని సందేశంగా మార్చకండి.
- సమయం చెప్పకండి. తెగిన చోటు కళ్లతో చూసి, అవతలి వైపు నుంచి కూడా ఓటీడీఆర్ పెట్టాకే చెప్పండి, అదీ ‘రాత్రి 12 కన్నా ముందు రాదు’ అన్న రూపంలో.
- మళ్లీ రాస్తామన్న గంటకు రాయండి. ఐదు నిమిషాలు ఆలస్యమైనా ఫోన్లు మోగుతాయి.
- తిట్టినవారిని గ్రూపు నుంచి తీసివేయకండి.
- పాత సందేశాన్ని తుడిచివేయకండి. తప్పు ఉంటే కింద సవరణ రాయండి.
- ‘వచ్చింది’ అని ఆఫీసులో లైటు చూసి రాయకండి. ఒక్కో పేటలో ఇద్దరు వినియోగదారులకు ఫోన్ చేసి కనుక్కోండి. పోగులు ఒక్కొక్కటిగా అతుకుతారు కనుక ఒక వీధికి వచ్చి పక్క వీధికి రాకపోవచ్చు. వచ్చిన పేట పేరే రాయండి.
- ‘అరగంటలో పునరుద్ధరిస్తాము’ అన్న సందేశం మీ డ్యూటీ ఫోన్లో భద్రపరచి ఉంటే ఈ రోజే తీసివేయండి.