60, 80 ఏళ్లు నిండే సంవత్సరం: ఆదాయపు పన్ను రిటర్నులో వయసును ఏ తేదీతో లెక్కిస్తారు?

మా వీధిలో ఒక విశ్రాంత అధ్యాపకుడు ఉన్నారు. పుట్టిన తేదీ 1946 ఏప్రిల్ 1. 2025-26 రిటర్ను కోసం కాగితాలు సర్దుకుంటూ, "నాకు 80 నిండేది ఏప్రిల్ 1న. ఆ సంవత్సరం మార్చి 31తోనే అయిపోయింది కదా, నన్ను ఇంకా 60 దాటినవారి లెక్కలోనే వేస్తారా?" అని అడిగారు. వేయరు. ఆయన 2025-26కే 80 నిండినవారు. ఆ ఒక్క రోజు తేడాతో ఆయన ఏ పన్ను విధానం ఎంచుకోవాలన్నదే మారిపోతుంది.

చట్టం అడిగేది ఒక్కటే: ఆర్థిక సంవత్సరంలో ఏ రోజైనా సరే, మీకు 60 లేదా 80 నిండాయా? ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఎప్పుడు నిండినా, చివరి రోజైన మార్చి 31న నిండినా, ఆ సంవత్సరం మొత్తానికీ మీరు ఆ వర్గంలోకే వస్తారు. పుట్టినరోజుకు ముందు నెలల ఆదాయానికి ఒక లెక్క, తర్వాతి నెలలకు మరొకటి అంటూ ఉండదు. 2026 మార్చి 20న 60 నిండిన వ్యక్తి 2025 ఏప్రిల్ నుంచే సీనియర్ సిటిజన్. వ్యాపార ఆదాయం లేకపోతే ఆ సంవత్సరపు ముందస్తు పన్ను వాయిదాలు కూడా ఆయనకు వర్తించవు. బ్యాంకు డిపాజిట్లపై ఇచ్చే అదనపు వడ్డీని దీనితో కలపకండి. అది బ్యాంకు సొంత నియమం, సాధారణంగా వయసు నిజంగా నిండాకే ఇస్తారు.

ఇక ఏప్రిల్ 1న పుట్టినవారి సంగతి. వయసు నిండేది పుట్టినరోజుకు ముందు రోజుతోనే అని న్యాయస్థానాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ప్రభుత్వ ఉద్యోగులకు ఇది కొత్త కాదు. నెల మొదటి తేదీన పుట్టిన ఉద్యోగి ముందు నెల చివరి రోజునే పదవీ విరమణ చేస్తారు. పన్ను విషయంలో దీనిపై తగాదాలు వస్తుండటంతో, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2016 జూలై 27న 28/2016 నంబరు సర్క్యులర్ ఇచ్చింది. ఏప్రిల్ 1న పుట్టినవారికి 60 అయినా, 80 అయినా మార్చి 31నే నిండినట్టు. ఏప్రిల్ 2న పుట్టినవారికి ఈ సదుపాయం లేదు. వారికి వయసు ఏప్రిల్ 1న, అంటే కొత్త సంవత్సరంలో నిండుతుంది.

వయసును బట్టి మినహాయింపు మారేది పాత పన్ను విధానంలో మాత్రమే. అందులో 60 లోపువారికి 2,50,000 వరకు పన్ను లేదు, 60 నిండితే 3,00,000 వరకు, 80 నిండితే 5,00,000 వరకు. కొత్త విధానంలో 2025-26కు అందరికీ ఒకటే పరిమితి, 4,00,000. పైగా అందులో మొత్తం ఆదాయం 12,00,000 దాటకపోతే, మామూలు రేట్లు పడే ఆదాయంపై రిబేటు వల్ల పన్నే ఉండదు. కాబట్టి ఒక మాట నిజాయతీగా చెప్పాలి. పింఛను, కొంత వడ్డీ మాత్రమే ఉన్న చాలామందికి కొత్త విధానమే మేలు, అక్కడ వయసుతో పనిలేదు. ఆదాయం అంతకు మించి, వైద్యం, వైకల్యం వంటి పెద్ద తగ్గింపులు కూడా ఉన్నవారు రెండు లెక్కలూ వేసి చూసుకోవాలి.

మా అధ్యాపకుడి లెక్క సరిగ్గా అలాంటిదే. పింఛను 9,60,000, డిపాజిట్ల వడ్డీ 4,20,000, మొత్తం 13,80,000. కొత్త విధానంలో పింఛనుపై ప్రామాణిక తగ్గింపు 75,000 పోగా 13,05,000 మిగులుతుంది. పన్ను 75,750, నాలుగు శాతం సెస్సుతో 78,780.

పాత విధానంలో ప్రామాణిక తగ్గింపు 50,000. పన్ను ఆదా డిపాజిట్ 1,50,000, సీనియర్లకు వడ్డీపై ఇచ్చే 50,000, బీమా లేనందున మందుల ఖర్చు కింద 50,000, ఆయన క్యాన్సర్ చికిత్సకు 1,00,000, తీవ్ర వైకల్యంతో ఉన్న భార్య పోషణకు 1,25,000. అన్నీ కలిపి 5,25,000 పోతే మిగిలేది 8,55,000. ఆయనను 80 నిండినవారిగా లెక్కిస్తే 5,00,000 పైన ఉన్న 3,55,000పై 20 శాతం, అంటే 71,000. సెస్సుతో 73,840. ఇది కొత్త విధానం కన్నా 4,940 తక్కువ. అదే 80 నిండలేదనుకుంటే 3,00,000 నుంచి 5,00,000 వరకు ఐదు శాతం కూడా పడి, పన్ను 81,000, సెస్సుతో 84,240 అవుతుంది. అప్పుడు కొత్త విధానమే చవక. తేదీ సరిగ్గా తెలియక ఏ విధానం మేలో తప్పుగా తేల్చుకోవడం ఇలాగే జరుగుతుంది.

రిటర్ను వేసే ముందు పాన్‌లో ఉన్న పుట్టిన తేదీ చూసుకోండి. incometax.gov.in లో ఫారం తెరిచినప్పుడు తేదీ పాన్ నుంచే వచ్చి కూర్చుంటుంది. బడిలో చేర్చినప్పుడు పెద్దలు ఉజ్జాయింపుగా రాయించిన తేదీ ఒకటి, ఆధార్‌లో మరొకటి ఉన్నవారు మన ఇళ్లలో ఎంతోమంది. తేడా ఉంటే ముందు పాన్‌లో సవరణకు దరఖాస్తు చేసి, అది పూర్తయ్యాకే రిటర్ను మొదలుపెట్టండి. ఇంకొకటి, ఈ వయసు మినహాయింపులు భారతదేశంలో నివాసిగా లెక్కకు వచ్చేవారికే. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి సంవత్సరంలో ఎక్కువ కాలం అక్కడే ఉన్నవారు ఇక్కడ గడిపిన రోజులు లెక్కపెట్టుకోవాలి. ప్రవాసిగా తేలితే 80 ఏళ్లున్నా పాత విధానంలో పరిమితి 2,50,000 మాత్రమే.

పింఛను, వడ్డీ ఆదాయం ఉన్నవారికి సాధారణంగా ఐటీఆర్-1 సరిపోతుంది. 80 నిండినవారు దీన్ని కాగితంపై కూడా ఇవ్వవచ్చు. ఫారం ఏమీ అడగకుండానే కొత్త విధానాన్ని తీసుకుంటుంది. పాత విధానం కావాలంటే Opting out of new tax regime అన్న ప్రశ్న దగ్గర అవును అని గుర్తించాలి. వ్యాపార ఆదాయం లేనివారికి దీనికోసం వేరే ఫారం అక్కరలేదు. వైకల్యం, చికిత్స తగ్గింపులకు వైద్యుల పత్రాలు ముందే చేతిలో ఉండాలి.

చివరికి పన్ను లెక్క పేజీకి వచ్చాక, సెస్సు కలపకముందు ఉన్న అంకె చూడండి. మా అధ్యాపకుడికి అక్కడ 71,000 కనిపించాలి. 81,000 కనిపిస్తే వయసు తప్పు పడిందని అర్థం. రిటర్ను ఇచ్చాక శాఖ పంపే ఉత్తర్వులో ఆ తప్పు దొర్లితే, అదే పోర్టల్‌లో సవరణ అభ్యర్థన పెట్టి 28/2016 సర్క్యులర్‌ను పేర్కొనండి. బ్యాంకు ఎక్కువ టీడీఎస్ కోసి ఉంటే అది ఈ రిటర్నులోనే వాపసు వస్తుంది.

గడువు జూలై 31. దాని తర్వాత వేసే రిటర్నులో పాత విధానం ఎంచుకునే వీలు ఉండదు, దానితో వయసు మినహాయింపు కూడా పోతుంది. ఆన్‌లైన్‌లో వేసినవారు 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో మరో పద్ధతిలోనో ధ్రువీకరించాలి. ఆ 30 రోజులు దాటితే ధ్రువీకరించిన రోజునే రిటర్ను ఇచ్చినట్టు లెక్క. జూలైలోనే వేసినా ధ్రువీకరణ సెప్టెంబరుకు జారితే అది గడువు దాటిన రిటర్నే. అందుకే ఆయనను కుర్చీలోంచి లేవనివ్వకుండా, ఫోనుకు వచ్చిన ఓటీపీని అక్కడే కొట్టించాను.