ఏమీ సాధించని రోజున కలిగే ఖాళీతనం: నాకు పనిచేసిన పద్ధతి

చెప్పుకోదగ్గ పనేదీ పూర్తికాని రోజున, సాయంత్రమయ్యేసరికి ఆ రోజుతో పాటు నేను కూడా వృథా అయినట్టు అనిపించేది. సెలవు పెట్టడం, పనుల జాబితా కుదించుకోవడం, చిన్న విజయాలను రాసుకోవడం నాకు ఉపయోగపడలేదు. చివరి రెండూ, సాధించినదాన్ని బట్టి నన్ను నేను కొలుచుకునే కొలబద్దను చిన్నది చేశాయే తప్ప పక్కన పెట్టలేదు.

ఫలితమిచ్చింది, ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకోవడానికి సాయపడే మానసిక చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో వాడే ప్రవర్తనా ప్రయోగం, అంటే ఒక నమ్మకం నిజమో కాదో స్వయంగా చేసి చూసి తేల్చుకోవడం. ముందుగా, నన్ను నడిపిస్తున్న నియమాన్ని ఒక్క వాక్యంలో రాశాను: “ఈ రోజు ఏమీ సాధించకపోతే నాకు విలువ లేదు.” తరువాత, అది నిజమైతే ఏం జరగాలో పరీక్షకు నిలిచే మాటల్లో రాశాను: ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఏ ప్రయోజనమూ లేకుండా గడిపితే ఖాళీతనం రాత్రిదాకా పెరుగుతూనే ఉంటుంది, మరునాడు పని ముందుకు సాగదు. ఈ అంచనాపై నా నమ్మకానికి నూటికి 90 వేసి, ఆ రెండు గంటలూ అలాగే గడిపాను.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, రాత్రి అదనంగా పనిచేసి ఆ లోటు పూడ్చుకోకపోవడం. పూడ్చుకుంటే, పనే గట్టెక్కించిందని మనసు నమ్ముతుంది కాబట్టి ప్రయోగం ఏమీ తేల్చదు. ఖాళీతనం మొదట నిజంగానే పెరిగింది, కానీ నేనేమీ చేయకుండానే చీకటి పడేలోపు తగ్గింది. మరునాటి పని మామూలుగానే సాగింది. మళ్ళీ అంకె వేస్తే 60 వచ్చింది. పూర్తిగా పోలేదు గానీ, ప్రయోగాన్ని వేర్వేరు రోజుల్లో తిరిగి చేసినకొద్దీ ఇంకా తగ్గింది.

ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. నిరాశ రోజులో ఎక్కువ భాగం ఉంటూ, రెండు వారాలు దాటి, నిద్ర, ఆకలి కూడా మారితే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు పనులు తగ్గించుకోవడం పరిస్థితిని మరింత దిగజార్చవచ్చు కాబట్టి, ముందుగా మానసిక వైద్యులను సంప్రదించాలి.