బాబుకి ఒక వృషణం చేతికి తగలడం లేదు: ఎప్పటిదాకా ఆగాలి, ఎప్పుడు ఆపరేషన్

"మొన్న నీళ్ళు పోసేటప్పుడు ఉంది డాక్టరుగారూ. ఇవాళ టీకాకి తీసుకొస్తే లేదంటున్నారేంటి?" అని అమ్మమ్మలు అడుగుతుంటారు. ఈ మాటని తేలిగ్గా తీసుకోకూడదు. రోజూ పిల్లాడిని కాళ్ళ మీద పడుకోబెట్టి గోరువెచ్చటి నీళ్ళు పోసే మనిషికి తెలిసినంత, చల్లటి ఓపీ గదిలో ఏడుస్తున్న బిడ్డని ఒక్క నిమిషం చూసిన వాళ్ళకి తెలియదు. అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: వృషణం అప్పుడప్పుడైనా సంచిలో కనబడుతోందా, లేక పుట్టినప్పటి నుంచీ ఒక్కసారి కూడా కనబడలేదా?

ఆగకుండా వెళ్ళాల్సిన సందర్భాలు

అప్పుడే పుట్టిన బిడ్డకి రెండు వైపులా ఎక్కడా ఏమీ తగలకపోతే ఇంటికి పంపకూడదు. చూడటానికి మగపిల్లాడిలాగే ఉన్నా, అడ్రినల్ గ్రంథి లోపం ఉన్న ఆడపిల్ల కావచ్చు. ఆ లోపంలో మొదటి రెండు మూడు వారాల్లోనే ఒంట్లో సోడియం పడిపోయి, ప్రాణం మీదకి రావచ్చు. రక్త పరీక్షలు ఆ వారంలోనే జరగాలి. వృషణం కనబడకపోవడంతో పాటు మూత్రరంధ్రం అంగం కొసన కాకుండా కింద ఉన్నా ఇదే తొందర. అది తేలేదాకా సున్తీ చేయించకండి.

ఇంకొకటి: సంచి ఖాళీగా ఉన్న వైపు గజ్జల్లో గట్టి వాపు వచ్చి, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూ వాంతులు చేసుకుంటుంటే, పేగు ఇరుక్కుని ఉండొచ్చు, వృషణం మెలిపడి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకండి.

లక్షణం: స్నానంలో ఉంటుంది, చలికి మాయమవుతుంది

వృషణాన్ని పైకి లాగే సన్నటి కండరం ఒకటి ఉంటుంది. చలి వేసినా, భయపడినా, తొడ లోపలి వైపు వేలు తగిలినా అది ముడుచుకుంటుంది. దానితో పాటు వృషణం గజ్జల్లోకి జారుతుంది. ఇది పైకీ కిందకీ పోయే వృషణం, రిట్రాక్టైల్ టెస్టిస్ అంటారు. దిగని వృషణం ఇది కాదు.

తేడా ఎలా పట్టాలి? గది వెచ్చగా, చేతులు వెచ్చగా ఉండాలి. డాక్టరు ఒక చేత్తో తుంటి ఎముక దగ్గర నుంచి గజ్జ వెంబడి కిందకి నిమురుతూ, వేరుశనగ గింజంత ఉండే వృషణాన్ని మెల్లగా సంచిలోకి తెచ్చి, అర నిమిషం నుంచి నిమిషం దాకా అక్కడే పట్టి ఉంచుతారు. కండరం అలిసిపోతుంది. అప్పుడు వదిలితే వృషణం సంచిలోనే కాసేపు నిలబడాలి. వదలగానే పైకి ఎగిరిందంటే, సంచిని తాకినా సరే, అది దిగని వృషణమే. సంచి కూడా కొంత చెబుతుంది. వృషణం ఎప్పుడూ ఉండని వైపు చదునుగా, ముడతలు లేకుండా ఉంటుంది. ఇంట్లో మీరు చూడండి, నెమ్మదిగా తాకండి, అంతే. నూనె రాసి కిందకి లాగితే దిగుతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

నిలబడితే ఆపరేషన్ అక్కర్లేదు. కానీ ఏడాదికోసారి చూపించాలి, యుక్తవయసు వచ్చేదాకా. ఇలాంటి వాటిలో కొన్ని పిల్లాడు పొడుగు పెరిగేకొద్దీ పైనే ఉండిపోతాయి.

ఒక చిన్న హెచ్చరిక. ఈ కండరం ఏడాది లోపు పిల్లల్లో అంత చురుగ్గా ఉండదు, దాని జోరంతా రెండేళ్ళు దాటాకే. కాబట్టి ఎనిమిది నెలల బిడ్డకి "అదే పైకీ కిందకీ పోతోంది, ఏం కాదు" అని ఎవరైనా అంటే, పిల్లల సర్జన్‌కి ఇంకోసారి చూపించుకోండి.

లక్షణం: ఎప్పుడూ సంచిలో లేదు, గజ్జల్లో తగులుతోంది

వృషణం తయారయ్యేది కడుపులో, మూత్రపిండం పక్కన. ఏడో నెల తర్వాత గజ్జ దారిలోంచి సంచిలోకి దిగుతుంది. ఆ ప్రయాణం మధ్యలో ఆగితే ఈ సమస్య. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ముగ్గురికి ఉంటుంది. నెలలు తక్కువ బిడ్డల్లో చాలా ఎక్కువ. పుట్టాక మొదటి మూడు నెలల్లో బిడ్డ ఒంట్లో టెస్టోస్టెరాన్ ఒకసారి పెరుగుతుంది, ఆ ఊపులో చాలావరకు వాటంతట అవే దిగుతాయి. ఆరు నెలలు దాటాక దిగడం అరుదు.

ఈ ఆరు నెలలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో చాలామందికి తెలియదు. ఒక బాబు 34 వారాలకే పుట్టాడనుకుందాం, అంటే ఆరు వారాలు ముందు. క్యాలెండర్ ప్రకారం ఆరు నెలలు నిండినా అసలు వయసు నాలుగున్నర నెలలే. ఇంకో నెలన్నర ఆగవచ్చు. ఏడున్నర నెలలకి చూస్తే కుడి వృషణం గజ్జల్లోనే ఉంది, సంచి మెడ దాకా వచ్చి వెనక్కి ఎగురుతోంది. ఇక ఆగడం అనవసరం. పదకొండో నెలలో ఆపరేషన్ అయితే సరైన సమయంలో అయినట్టే. ఆరు నెలల నుంచి ఏడాది లోపు మంచిది, ఏడాదిన్నర దాటనివ్వకూడదు.

"ఇంత పసివాడికి మత్తా? ఐదేళ్ళు రానివ్వండి" అంటారు పెద్దలు. ఒకప్పుడు అలాగే చేసేవారు కూడా. ఇప్పుడు ఎందుకు ఆగకూడదంటే, సంచి ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. లోపలి వేడికి, రేపు వీర్యకణాలుగా మారాల్సిన మూలకణాలు మొదటి రెండేళ్ళలోనే తగ్గిపోవడం మొదలవుతుంది. అలాగని ఇప్పటికే నాలుగేళ్ళు వచ్చిన పిల్లాడికి ఆలస్యమైందని వదిలేయకండి, ఈ నెలలోనే చూపించండి.

స్కాన్ రిపోర్టు పట్టుకుని వచ్చే వాళ్ళే ఎక్కువ. చేతికి తగులుతున్న వృషణానికి స్కాన్ అక్కర్లేదు. తగలకపోతే, స్కాన్‌లో కనబడలేదన్నంత మాత్రాన లేదని చెప్పలేం. హార్మోన్ ఇంజెక్షన్లతో దిగేవి తక్కువ, దిగినవి మళ్ళీ పైకి పోతాయి కూడా. నేనైతే వాటికి వెళ్ళమనను.

ఆపరేషన్ పేరు ఆర్కియోపెక్సీ. గజ్జ మడతలో చిన్న కోత పెట్టి, వృషణాన్ని పట్టి ఉంచిన పొరలు విడదీస్తారు. చాలామందిలో అక్కడే హెర్నియా తిత్తి కూడా ఉంటుంది, దాన్నీ కట్టేస్తారు. సంచి చర్మం కింద జేబులాంటి చోటు చేసి వృషణాన్ని అందులో పెడతారు. ఎక్కువమంది సాయంత్రానికి ఇంటికి వెళతారు. రెండు వారాలపాటు మాత్రం కాళ్ళు ఎడం చేసి చంకన ఎత్తుకోకండి, రెండు చేతుల్లో అడ్డంగా ఎత్తుకోండి.

లక్షణం: ఎక్కడా తగలడం లేదు

ఇలాంటివి అయిదింటిలో ఒకటి ఉంటాయి. మత్తు ఇచ్చాక ఒళ్ళు వదులవుతుంది కాబట్టి ముందు అప్పుడు మళ్ళీ తడిమి చూస్తారు, కొన్నిసార్లు దొరుకుతుంది. దొరకకపోతే బొడ్డు దగ్గర నుంచి చిన్న కెమెరా పెట్టి కడుపులో వెతుకుతారు. వృషణం పైనే ఉండి దాని రక్తనాళాలు పొట్టిగా ఉంటే, ఆరు నెలల తేడాతో రెండు ఆపరేషన్లలో కిందకి తెస్తారు. ఒక్కోసారి రక్తనాళాలు మాత్రం ఉండి, కొసన వృషణం ఉండదు. గర్భంలోనే మెలిపడి ఎండిపోయిందని అర్థం. రెండోది మామూలుగా ఉంటే పిల్లాడు ఎదగడానికి, తర్వాత తండ్రి కావడానికి సాధారణంగా అది చాలు.

దించిన వృషణం నిలబడిందా, పెరుగుతోందా అని కొన్ని నెలల తర్వాత ఒకసారి చూస్తారు. డిశ్చార్జి కాగితం మాత్రం దాచిపెట్టండి. వృషణ క్యాన్సర్ ముప్పు యుక్తవయసుకి ముందే చేసిన ఆపరేషన్‌తో తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పదిహేనేళ్ళు వచ్చాక ఆ కాగితం వాడికే చూపించి, నెలకోసారి స్నానంలో తడిమి చూసుకోమని, గట్టిగా గడ్డలా తగిలితే దాచకుండా చెప్పమని చెప్పాలి.