ఉష్ణం పాఠానికి ప్రశ్నలు – 3వ భాగం: ‘ఎందుకు’ అని అడిగితే విశ్లేషణ కాదు

పోయిన భాగంలో ఉష్ణం పాఠానికి జ్ఞప్తి, అనువర్తనం, విశ్లేషణ స్థాయిల్లో ప్రశ్నలు రాయమన్నాను. జ్ఞప్తి ప్రశ్నలు అందరూ సరిగ్గానే రాశారు, వాటి జోలికి వెళ్లను. చిక్కంతా విశ్లేషణ దగ్గరే వచ్చింది.

ఎక్కువమంది రాసింది ఇది: “చెమట ఆరితే ఒళ్లు ఎందుకు చల్లబడుతుందో విశ్లేషించండి.” దీని జవాబు పుస్తకంలో అచ్చయి ఉంది. ఆ నాలుగు వాక్యాలు బట్టీ పట్టినవాళ్లు ఆలోచించకుండానే రాసేస్తారు. కాబట్టి ఇది జ్ఞప్తి ప్రశ్నే. చివర ఏ క్రియ పెట్టామన్నది స్థాయిని తేల్చదు. పాఠం చదవనివాళ్లకు ఇదే ప్రశ్న నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న అవుతుంది. స్థాయి ప్రశ్నలో ఒక్కదానిలోనే లేదు, చదివేవాళ్లు అప్పటికే ఏం చదివారన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

నేను చేసే పరీక్ష ఒకటే. ప్రశ్న పక్కన జవాబున్న పేజీ నంబరు వేయడానికి చూస్తాను. వేయగలిగితే జ్ఞప్తి. సూత్రం మాత్రం ఆ పేజీలో దొరికి, సందర్భం కొత్తదైతే అనువర్తనం. పుస్తకంలోని లెక్కలో అంకెలు మార్చడాన్ని నేను అనువర్తనం కింద లెక్కపెట్టను.

ఇప్పుడు మిశ్రమ పద్ధతి తీసుకుందాం. 100 గ్రాముల స్టీలు గ్లాసులో 30 డిగ్రీల నీళ్లు 100 గ్రాములున్నాయి. అందులో 80 డిగ్రీల నీళ్లు 100 గ్రాములు పోశాం. ఎంతకు చేరాలి? 55 డిగ్రీలని పిల్లలు వెంటనే చెప్తారు. ఇది అనువర్తనం. కానీ థర్మామీటరు 52 చూపించిందనుకోండి. ఆ మూడు డిగ్రీలు ఎక్కడికి పోయాయి? ఇక్కడ విశ్లేషణ మొదలవుతుంది.

స్టీలు విశిష్టోష్ణం సుమారు 0.11. అంటే ఆ గ్లాసు 11 గ్రాముల నీళ్లతో సమానం. దాన్ని కలిపి లెక్కేస్తే 53.7 వస్తుంది. 1.3 డిగ్రీల తేడా గ్లాసుది. మిగతా 1.7 పోసేటప్పుడు గాలిలోకి పోయి ఉండాలి, లేదా కొలవడంలో తప్పు జరిగి ఉండాలి.

నాకు బాగా నచ్చే ప్రశ్న దీని తర్వాతది: వేడినీళ్లే ముందు గ్లాసులో ఉండి, గ్లాసు కూడా 80కి చేరాక చన్నీళ్లు పోస్తే, గాలికి పోయేది లేదనుకుంటే, జవాబు 55కి పైనా, కిందా? పైనే, దాదాపు 56.3. గ్లాసు ఇప్పుడు వేడిని ఇచ్చే పక్షాన ఉంది. గాలికి పోయే వేడి మాత్రం రెండు పద్ధతుల్లోనూ జవాబును కిందికే లాగుతుంది. పోసే వరుస మార్చితే గ్లాసు ప్రభావం తలకిందులవుతుంది, గాలిది అలాగే ఉంటుంది. రెండు కారణాలనూ విడదీసే దారి ఇదే. విశ్లేషణ ప్రశ్న ఇలా కారణాలను విడదీయమని అడగాలి.

వచ్చే భాగానికి: మరిగే నీటిలో వేడిచేసిన సీసపు గుండ్లను కెలోరీమీటరులో వేసి విశిష్టోష్ణం కనుక్కొనే ప్రయోగం తీసుకోండి. గుండ్లు దారిలో చల్లారితే జవాబు తగ్గుతుంది, వాటికి అంటుకుని వేడినీళ్లు వస్తే పెరుగుతుంది. ఈ రెండు తప్పుల్లో ఏది జరిగిందో విద్యార్థి తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటి రాయండి. అంకెలతో, జవాబుతో సహా.